‘కలదు’ నుంచి ‘కలిగి ఉంది’ వరకు: తెలుగు అస్తిత్వక్రియల చరిత్రలో అన్వయపు మార్పు

వ్యాససంగ్రహం

తెలుగులో స్వామ్యాన్ని, అంటే ఒకరికి ఒకటి ఉండటాన్ని, చెప్పడానికి ప్రత్యేకమైన సకర్మకక్రియ లేదు. ‘నాకు పని ఉంది’, ‘సమయం లేదు’ వంటి వాక్యాలలో అస్తిత్వక్రియే ఆ పని చేస్తుంది. కావ్యభాషలోని కల, లే ధాతువుల జంట కాలక్రమంలో ఎలా విడిపోయిందో, ‘ఉండు’ ఆ స్థానంలోకి ఎలా వచ్చిందో, నేటి వ్రాతలో కనిపించే ‘కలిగి ఉంది’ అనే నిర్మాణం ఎక్కడ పుట్టిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. క్రియ ఏ నామంతో అన్వయిస్తున్నదనే ఒక్క ప్రమాణాన్ని ఆధారం చేసుకొని, ‘కలిగి ఉంది’లో ఎంత భాగం తెలుగు వ్యాకరణం లోపలిదో, ఎంత భాగం ఆంగ్లానువాదం వల్ల వచ్చిందో వేరుచేసి చూపడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: అస్తిత్వక్రియ, స్వామ్యం, చతుర్థీ కర్త, క్రియాన్వయం, క్త్వార్థకం, బహువ్రీహి, అనువాదభాష

1. ప్రవేశిక

‘ఈ జిల్లా ఇరవై మండలాలను కలిగి ఉంది’ అన్న వాక్యాన్ని విద్యార్థి వ్రాస్తే అధ్యాపకుడు దానిని కొట్టివేసి ‘ఈ జిల్లాలో ఇరవై మండలాలు ఉన్నాయి’ అని దిద్దుతాడు. ఎందుకని అడిగితే అది ఆంగ్లవాక్యానికి తెలుగు మాటలు తొడిగినట్లు ఉందని చెబుతాడు. అదే అధ్యాపకుడు సమాసాల పాఠంలో ‘ముక్కంటి’ అన్న మాటకు ‘మూడు కన్నులు కలవాడు’ అని విగ్రహవాక్యం చెబుతాడు. ఉద్యోగ ప్రకటనలో ‘పట్టభద్రతార్హత కలిగి ఉండాలి’ అని చదివినప్పుడు అతనికి అభ్యంతరం తోచదు. మూడింటిలోనూ ఉన్నది ఒకే ధాతువు. ఒకచోట అది దోషం, మరొకచోట శాస్త్రసమ్మతం, ఇంకొకచోట అలవాటు. ఈ తేడాకు కారణం చెప్పాలంటే ఆ ధాతువు చరిత్రలోకి వెళ్లక తప్పదు.

ఆ చరిత్రను పట్టి ఇచ్చే ఆనవాలు క్రియాన్వయం. పై రెండు వాక్యాలలో క్రియ చివర చూస్తే విషయం స్పష్టమవుతుంది. ‘మండలాలు ఉన్నాయి’ అన్నప్పుడు క్రియ బహువచనంలో ఉంది. అది మండలాలతో అన్వయిస్తోంది. ‘కలిగి ఉంది’ అన్నప్పుడు క్రియ ఏకవచనంలో ఉంది. అది జిల్లాతో అన్వయిస్తోంది. అంటే మొదటి వాక్యంలో ఉన్న వస్తువు కర్త, రెండవ వాక్యంలో వస్తువు గల యజమాని కర్త. కర్తృత్వం వస్తువు నుంచి యజమానికి మారడమే ఈ వ్యాసం అనుసరించే కథ.

2. కల, లే: కాలం లేని జంట

కావ్యభాషలో అస్తిత్వాన్ని చెప్పే ప్రధానరూపాలు కలను, కలవు, కలడు, కలదు, కలము, కలరు అన్నవి. వీటికి వ్యతిరేకాలు లేను, లేవు, లేడు, లేదు, లేము, లేరు. రెండు వరుసలలోనూ ధాతువు మీద పురుషప్రత్యయం నేరుగా చేరుతుంది. కాలాన్ని చెప్పే ప్రత్యయం నడుమ లేదు. అందువల్ల ‘కలడు’ అన్న మాట ఇప్పుడు ఉన్నాడనీ, ఎప్పుడూ ఉంటాడనీ రెండు విధాలా చెల్లుతుంది. పోతన భాగవతంలో గజేంద్రుడి సంశయమూ, ప్రహ్లాదుడి నిశ్చయమూ ఈ కలడు, లేడు అన్న రెండు రూపాల మీదే నడుస్తాయి. దైవం ఉనికిని గురించిన మాటకు కాలం అంటని క్రియ ఎంతగా అమరుతుందో ఆ రెండు ఘట్టాలు చదివినవారికి తెలుసు.

స్వామ్యార్థంలో ఈ జంట చతుర్థితో కలిసి వచ్చేది. ‘రాజునకు ధనము కలదు’, ‘రాజునకు మువ్వురు కొడుకులు కలరు’ అన్న రెండు వాక్యాలను పక్కపక్కన పెడితే నియమం తెలుస్తుంది. ధనం ముందు క్రియ అమహదేకవచనంలో ఉంది. కొడుకుల ముందు బహువచనంలోకి మారింది. రాజు రెండు వాక్యాలలోనూ ఒక్కడే అయినా క్రియ అతనిని పట్టించుకోలేదు. ఆ రాజు ఈ అస్తిత్వం ఎవరికి సంబంధించినదో తెలిపే నామం మాత్రమే.

ఈ జంట లోకంలో ఎంత లోతుగా పాతుకుందో నామరూపాలు చూపుతాయి. కల నుంచి ‘కలిమి’, లే నుంచి ‘లేమి’ ఏర్పడ్డాయి. వ్యుత్పత్తిని బట్టి ఇవి ఉండటం, లేకపోవటం అనే అర్థాలవే. వ్యవహారంలో మాత్రం సంపద, దారిద్ర్యం అని స్థిరపడ్డాయి. ‘కలవారు’ అంటే ధనవంతులు, ‘లేనివారు’ అంటే పేదలు. ఏమి కలదో, ఏమి లేదో చెప్పనక్కరలేదు. ఉండు ధాతువు నుంచి వచ్చిన ‘ఉనికి’ మాత్రం ఒక చోట నిలిచి ఉండటం, అస్తిత్వం అన్న అర్థాల దగ్గరే ఆగిపోయింది. స్వామ్యార్థం మొదట కల, లే ధాతువుల సొత్తుగా ఉండేదనటానికి ఈ మూడు నామాల అర్థవ్యత్యాసం మంచి సాక్ష్యం.

3. ఉండు ధాతువు విస్తరణ

ద్రావిడభాషల తులనాత్మక పరిశీలనలో తెలుగు ‘ఉండు’ను తమిళ ‘ఉణ్డు’తోనూ, ‘లేదు’ను తమిళ ‘ఇల్లై’, కన్నడ ‘ఇల్ల’తోనూ ఒకే మూలానికి చేర్చి చెబుతారు. ‘ఇల్’ అన్న మూలంలో అచ్చు వెనుకకు జరిగి పదం హల్లుతో మొదలు కావడం తెలుగు వైపు జరిగిన వర్ణవ్యత్యయం. మూలం ఎలా ఉన్నా తెలుగు లోపల ఉండు ధాతువుకు కల ధాతువుకు లేని ఒక సౌకర్యం ఉంది. అది అన్ని కాలాలలోనూ, విధ్యర్థంలోనూ రూపాలు పొందుతుంది. ఉన్నాడు, ఉంటాడు, ఉండేవాడు, ఉండు, ఉండాలి అని చెప్పవచ్చు. కల ధాతువుకు ఈ రూపాలు లేవు. దాని నిండురూపమైన ‘కలుగు’కు ఇవి ఉన్నా, కలుగు అర్థం పుట్టడం, సంభవించడం అన్న వైపు ఒదిగిపోయింది. ‘సందేహం కలిగింది’ అంటే సందేహం అప్పుడు పుట్టిందని అర్థం. ముందునుంచీ ఉందని కాదు.

‘ఉన్నాడు’ రూపాన్ని గమనిస్తే ఈ విస్తరణ ఎలా జరిగిందో ఊహించవచ్చు. తిను నుంచి తిన్నాడు, కను నుంచి కన్నాడు ఏర్పడినట్లే ఉండు నుంచి ఉన్నాడు ఏర్పడింది. రూపాన్ని బట్టి ఇది భూతకాలం. అర్థాన్ని బట్టి వర్తమానం. ఒకచోట నిలిచినవాడు ఇప్పుడు అక్కడే ఉన్నాడన్న తర్కంతో భూతరూపం వర్తమానస్థితిని చెప్పగలిగింది. ‘నిన్న ఇంట్లోనే ఉన్నాడు’ అన్న వాక్యం నేటికీ సాధువే కనుక పాత భూతార్థం పూర్తిగా తొలగలేదు కూడా. తెలంగాణ వాడుకలో ‘పైసలుండె’ అన్న వేరు భూతరూపం నిలిచి ఉండటంవల్ల అక్కడ ఈ సందిగ్ధత తక్కువ.

కాలభేదం చెప్పగల క్రియ అందుబాటులో ఉన్నప్పుడు కాలం లేని క్రియ వాడుకలో వెనుకబడటం సహజం. మాటలో ‘కలదు’ స్థానాన్ని ‘ఉంది’ ఆక్రమించింది. ‘గది అద్దెకు కలదు’ వంటి ప్రకటనలలోనూ, గ్రాంథికచ్ఛాయ గల వ్రాతలోనూ కలదు మిగిలింది. దాని సంకుచితరూపం ‘కద్దు’ ‘అనుటయు కద్దు’ వంటి పండితవాక్యాలకు పరిమితమైంది. వ్యతిరేకంలో మాత్రం ఈ మార్పు జరగలేదు. లేదు తన చోటు వదలలేదు. ఫలితంగా కలదు, లేదు అన్న సమరూపాల జంట విడిపోయి, ఉంది, లేదు అన్న విషమజంట ఏర్పడింది. ఉండు ధాతువుకు సొంత వ్యతిరేకమైన ‘ఉండదు’ కూడా ఉంది. అందువల్ల ఈనాటి తెలుగులో వ్యతిరేకానికి రెండు రూపాలు పని పంచుకున్నాయి. ‘నాకు సమయం లేదు’ అంటే ఇప్పుడు లేదని, ‘నాకు సమయం ఉండదు’ అంటే సాధారణంగా గాని ముందుముందు గాని దొరకదని అర్థం. కావ్యభాషలో లేదు ఒక్కటే మోయగలిగిన బరువును ఇప్పుడు ఇద్దరు మోస్తున్నారు.

4. పాత జంట నిలిచిన చోటు

కల, లే విడిపోకుండా నిలిచిన చోటు ఒకటి వాడుకభాషలోనే ఉంది. అది సామర్థ్యార్థం. ‘చేయగలడు’ అన్న మాటలో ‘చేయ’ అన్న తుమర్థకం మీద ‘కలడు’ చేరింది. చేయడానికి ఉన్నాడన్న అర్థమే చేసే శక్తి గలవాడన్న అర్థానికి దారితీసింది. దీనికి వ్యతిరేకం ‘చేయలేడు’. ఇక్కడ ఉండు ధాతువు ప్రవేశించలేదు. పాత పురుషప్రత్యయాలన్నీ యథాతథంగా ఉన్నాయి. చేయగలను, చేయగలవు, చేయగలరు అంటే చేయలేను, చేయలేవు, చేయలేరు.

ఇదే ధాతువు మరో పనికీ దిగింది. కావ్యభాషలో జరగని గతక్రియను చెప్పడానికి ‘రాడయ్యెను’ వంటి నిర్మాణం ఉండేది. వాడుకలో ఆ చోటును ‘రాలేదు’ తీసుకుంది. ఇక్కడ క్రియాన్వయం చాలా ముఖ్యం. ‘వాడు రాలేడు’ అన్నప్పుడు క్రియ వాడితో అన్వయించింది. అతనికి వచ్చే శక్తి లేదని అర్థం. ‘వాడు రాలేదు’ అన్నప్పుడు క్రియ అమహదేకవచనంలోనే ఆగింది. రావడం అన్నది జరగలేదని అర్థం. ఒక వాక్యంలో లేనిది వాడి శక్తి, మరొక వాక్యంలో లేనిది రాక. నేను రాలేదు, మీరు రాలేదు, వాళ్లు రాలేదు అన్నప్పుడూ క్రియ మారకపోవడానికి కారణం ఇదే.

ఈ భేదానికి అన్వయమే ఆధారం కనుక, అన్వయం తేడా చూపని చోట భేదం మాసిపోవాలి. అదే జరుగుతుంది. తెలుగులో స్త్రీవాచక ఏకవచనం క్రియలో అమహద్రూపాన్నే పొందుతుంది. అందువల్ల ‘ఆమె రాలేదు’ అన్న వాక్యానికి రాకపోయిందనీ, రాజాలదనీ రెండు అర్థాలు వస్తాయి. సందర్భం తప్ప వాటిని విడదీసే గుర్తు లేదు. అస్తిత్వక్రియ ఎవరితో ముడిపడిందన్నది అర్థాన్ని నిర్ణయించే విషయమని చెప్పడానికి ఇంతకంటె సూటి ఉదాహరణ అవసరం లేదు.

5. విగ్రహవాక్యంలోని మలుపు

ఇక అసలు ప్రశ్న. ఉన్న వస్తువుతో అన్వయించే కల ధాతువు యజమానితో అన్వయించే స్థితికి ఎలా వచ్చింది? దారి మొదలైనది విశేషణవాక్యంలో అని చెప్పవచ్చు.

‘వానికి మూడు కన్నులు కలవు’ అన్నది పూర్ణవాక్యం. దీనిని విశేషణంగా మార్చి ‘వాడు’ అన్న నామానికి ముందు పెడితే ‘మూడు కన్నులు కల వాడు’ అవుతుంది. ఈ మార్పులో రెండు సంగతులు జరిగాయి. మొదటిది, ‘వానికి’లోని చతుర్థీవిభక్తి లోపించి ‘వాడు’ శుద్ధప్రథమగా మిగిలాడు. తెలుగు విశేషణవాక్యంలో విశేష్యం విభక్తిని కోల్పోవడం సాధారణనియమం. ‘ఊరికి వెళ్లాడు’ అన్నది ‘వెళ్లిన ఊరు’ కావడం ఇలాంటిదే. రెండవది, కలవు అన్న క్రియ ‘కల’ అయి పురుషవచనాలు కోల్పోయింది. క్రియ దేనితో అన్వయిస్తోందో చూపే గుర్తు చెరిగిపోయింది. కర్త కన్నులా, వాడా అన్నది రూపాన్ని బట్టి తేల్చడానికి వీలులేని స్థితి ఇది.

ఈ నిర్మాణం అరుదైనదైతే భాషపై దాని ప్రభావం తక్కువగా ఉండేది. సంస్కృతశాస్త్రాల పఠనం దీనిని నిత్యవ్యవహారంగా చేసింది. సంస్కృతంలోనూ స్వామ్యాన్ని చెప్పడానికి సాధారణమార్గం షష్ఠీవిభక్తితో అస్తిత్వక్రియను వాడటమే. ఆ భాష స్వామ్యార్థంలో మతుప్ ప్రత్యయాన్నీ, బహువ్రీహి సమాసాన్నీ విరివిగా వాడుతుంది. వీటిని తెలుగులో వివరించాలంటే టీకాకారుడికి ‘గల’ తప్ప మరో సులభమార్గం లేదు. ధనవంతుడు ధనము గలవాడు, చక్రపాణి చక్రము పాణియందు కలవాడు, చతుర్ముఖుడు నాలుగు ముఖములు కలవాడు. తరతరాల పాఠశాలలలో ఈ వాక్యాలు వల్లెవేయబడ్డాయి. ప్రతి వల్లెలోనూ వస్తువు ముందు, కల నడుమ, యజమాని ప్రథమలో చివర. యజమానిని చతుర్థిలో చూడని అలవాటు ఇక్కడే బలపడిందనటం అతిశయోక్తి కాదు.

ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. తెలుగు కవులు సంస్కృతం నుంచి అనువదించిన కాలంలో స్వామ్యక్రియ సమస్య వారికి ఎదురుకాలేదు. మూలభాషలోనూ, లక్ష్యభాషలోనూ అస్తిత్వమే ఆధారం. విభక్తి మాత్రమే వేరు. యజమానిని కర్తగా, వస్తువును కర్మగా నిలిపే క్రియతో తెలుగు అనువాదకుడికి నిత్యం పని పడినది ఆంగ్లం వచ్చిన తరువాతనే. భాషాశాస్త్రవేత్త ఎమిల్ బెన్వెనిస్త్ 1960లో ప్రచురించిన ఒక వ్యాసంలో స్వామ్యక్రియ అన్నది అస్తిత్వక్రియనే తలకిందులుగా నిలిపిన రూపమనీ, అది లేని భాషలు చాలా ఉన్నాయనీ వాదించాడు. తెలుగును ఆ దృష్టితో చూస్తే, అది లోపం ఉన్న భాష కాదు. అధికసంఖ్యాకులలో ఒకటి.

6. ‘కలిగి’ నుంచి ‘కలిగి ఉంది’కి

విశేషణవాక్యం తరువాతి మెట్టు క్త్వార్థకం. ‘ధనము కలిగి రాజు గర్వించెను’ అన్న వాక్యాన్ని తీసుకుందాం. క్త్వార్థకానికీ, సమాపకక్రియకూ కర్త ఒక్కటే కావాలన్నది పాణిని నుంచి తెలుగు వైయాకరణుల దాకా వచ్చిన సంప్రదాయం. గర్వించినవాడు రాజు. కనుక కలిగిన కర్త కూడా రాజే కావాలి. అలా అయితే ధనము ఏమవుతుంది? అది కర్మగా మిగలాలి. ప్రథమారూపంలో ఉన్నది కర్మ ఎలా అవుతుందన్న ఆక్షేపణకు కూడా తెలుగు వ్యాకరణంలోనే సమాధానం ఉంది. జడవాచకాలలో ద్వితీయకు బదులుగా ప్రథమ రావచ్చునని చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలోని కారకపరిచ్ఛేదం అనుమతిస్తుంది. ‘పుస్తకం చదివాడు’ అన్నప్పుడు పుస్తకం కర్మే, రూపం ప్రథమే. అలాగే ‘ధనము కలిగి’లోని ధనాన్ని కర్మగా చదవడానికి అడ్డు లేదు.

అంటే తెలుగు లోపలే ఒక తలుపు తెరిచి ఉంది. విశేషణవాక్యం యజమానికి చతుర్థి తొలగించింది. క్త్వార్థకం అతనిని కర్తను చేసింది. జడవాచక నియమం వస్తువును కర్మగా చూడటానికి వీలిచ్చింది. ఇక మిగిలినవి రెండు మెట్లు. ‘కలిగి’ తరువాత ఉండు చేరి ‘రాజు ధనము కలిగి యుండెను’ అనడం ఒకటి. జడవాచకానికి ద్వితీయను బయటికి తెచ్చి ‘ధనమును కలిగి ఉన్నాడు’ అనడం రెండు. ఆ చివరి మెట్టులోనే నిర్మాణం నిర్ద్వంద్వంగా సకర్మకమైంది. ఇప్పుడు ‘ధనము’ను కర్తగా చదవడానికి వీలులేదు.

ఈ చివరి మెట్టు విస్తరణలో ఆంగ్లానువాదం పాత్రను కాదనలేము. పత్రికావార్తలు, పాఠ్యగ్రంథాలు, ప్రభుత్వపత్రాలు, విజ్ఞానసర్వస్వ వ్యాసాలు ఆంగ్లమూలం నుంచి వేగంగా తెలుగులోకి రావలసిన చోట, మూలంలోని కర్తను తెలుగులోనూ కర్తగానే ఉంచగల క్రియ అనువాదకుడికి శ్రమ తగ్గిస్తుంది. ‘ఈ కంపెనీ మూడు శాఖలను కలిగి ఉంది, వచ్చే ఏడాది మరో రెండు ప్రారంభిస్తుంది’ అన్న వాక్యంలో రెండు క్రియలకూ కంపెనీయే కర్త. ‘ఈ కంపెనీకి మూడు శాఖలు ఉన్నాయి’ అని మొదలుపెడితే రెండవ వాక్యంలో కర్తను మళ్లీ ప్రథమలో నిలుపుకోవాలి. ఆ చిన్న శ్రమను తప్పించుకోవడమే ఈ నిర్మాణపు ఆకర్షణ.

ఆ శ్రమ నిజంగా అవసరమా అన్నది వేరు ప్రశ్న. ‘వాడికి డబ్బు ఉండి ఖర్చు పెట్టడు’ అన్న మాటను ఏ పల్లెలోనైనా వినవచ్చు. ఇక్కడ ‘ఉండి’కి అన్వయాన్ని బట్టి కర్త డబ్బు, ‘పెట్టడు’కు కర్త వాడు. సమానకర్తృకనియమం భంగమైనా వాక్యం నిరాటంకంగా సాగుతుంది. ‘రాముడికి తన ఇల్లు ఉంది’ అన్నప్పుడు ‘తన’ అన్న సర్వనామం చతుర్థిలో ఉన్న రాముడినే సూచిస్తుంది. సాధారణంగా ‘తన’ కర్తను సూచించే మాట. అన్వయం వస్తువుతో, అధికారం యజమానితో అన్నది వాడుకభాష చేసుకొన్న ఏర్పాటు. దక్షిణాసియా భాషలలో ఇటువంటి నామాలను భాషాశాస్త్రవేత్తలు చతుర్థీ కర్తలుగా చర్చించారు. చతుర్థిలో ఉన్నవాడు ఇప్పటికే సగం కర్త. అతనిని పూర్తి కర్తను చేయకుండానే తెలుగు తన పని నడుపుకోగలదు.

కొత్త సకర్మకనిర్మాణాన్ని పాత ‘కలిగి’ నుంచి వేరుచేయడానికి వ్యతిరేకం మంచి పరీక్ష. పాత భాషలో ‘ధనము కలిగి’కి వ్యతిరేకం ‘ధనము లేక’, ‘ధనము గల’కు వ్యతిరేకం ‘ధనము లేని’. కల వచ్చిన చోటికి లే వస్తుంది. అంతే. కొత్త వ్రాతలో ‘సరైన పత్రాలను కలిగి లేని వాహనాలు’ అన్న ప్రయోగం కనిపిస్తుంది. ఇక్కడ కల, లే రెండూ ఒకే మాటలో చేరాయి. కలిగి అన్నది అస్తిత్వార్థం కోల్పోయి, కేవలం స్వామ్యాన్ని తెలిపే ముద్దగా మారితే తప్ప ఈ కూర్పు సాధ్యం కాదు. ‘సరైన పత్రాలు లేని వాహనాలు’ అన్నప్పుడు పోయిన అర్థం ఏదీ లేదు.

7. జలుబు, సమయం: నిర్మాణానికి హద్దు

ఈ విస్తరణ ఎక్కడ ఆగిందో చూస్తే దాని స్వభావం మరింత తెలుస్తుంది. కంపెనీ శాఖలను, జిల్లా మండలాలను, అభ్యర్థి అర్హతను కలిగి ఉండవచ్చు. ‘నేను జలుబును కలిగి ఉన్నాను’ అని ఎవరూ అనరు. ‘నేను సమయాన్ని కలిగి లేను’ అన్నది నవ్వు తెప్పిస్తుంది. శారీరకస్థితిని, కాలాన్ని, అవసరాన్ని చెప్పే వాక్యాలలో మనిషి చతుర్థిని వదలలేదు. అవి అతనికి సంభవించేవే కాని అతని చేతిలో ఉన్నవి కావు.

జలుబు విషయంలో తెలుగు చేసే భేదాలు ఒక సకర్మకక్రియలో ఇమిడేవి కావు. ‘నాకు జలుబు చేసింది’ అన్నది ఆరంభాన్ని, ఆ ఆరంభం ఇంకా కొనసాగుతున్నదన్న సంగతిని చెబుతుంది. ఇక్కడ ‘చేసింది’ అన్వయించేది జలుబుతో. జలుబును ఎవరో చేయలేదు. ‘నాకు జలుబు ఉంది’ అన్నది స్థితిని మాత్రమే చెబుతుంది. వైద్యుడు అడిగిన లక్షణాల వరుసలో ఇది సహజంగా వస్తుంది. ‘నాకు జలుబుగా ఉంది’ అన్నది అనుభూతిని చెబుతుంది. రోగం తేలకపోయినా ఈ మాట అనవచ్చు. వ్యతిరేకంలోనూ ఈ భేదం నిలుస్తుంది. ‘జలుబు చేయలేదు’ అంటే ఆరంభమే కాలేదని, ‘జలుబు లేదు’ అంటే ఒకప్పుడు ఉండి తగ్గినా ఇప్పుడు లేదని కూడా అర్థం రావచ్చు.

యజమానిని సూచించే విభక్తి కూడా ఇలాంటి భేదాలను మోస్తుంది. ‘అతనికి డబ్బు ఉంది’ అంటే అతడు ఉన్నవాడు. ‘అతని దగ్గర డబ్బు ఉంది’ అంటే ప్రస్తుతం చేతిలో ఉంది. అది అతనిదే కానక్కరలేదు. ‘ఆమెకు ఇద్దరు పిల్లలు ఉన్నారు’ అంటే కన్నపిల్లలు. ‘ఆమె దగ్గర ఇద్దరు పిల్లలు ఉన్నారు’ అంటే ఆమె సంరక్షణలో ఉన్నవారు. ‘నాకు నువ్వున్నావు’ అన్న మాటలో క్రియ మధ్యమపురుషలో ఉంది. అండగా నిలిచిన మనిషే కర్త. ఆ మాట అన్నవారు అండ పొందినవారు మాత్రమే. మొదటి రెండు జంటలనూ ‘కలిగి ఉండు’ ఒక్కటిగా కలిపివేస్తుంది. చివరిదాన్ని అసలు చెప్పలేదు.

ఈ నష్టం కేవలం శైలికి సంబంధించినది కాదు. ఆస్పత్రిలో రోగి నింపవలసిన పత్రంలో ‘మీరు ఏదైనా అలర్జీని కలిగి ఉన్నారా?’ అని వ్రాస్తే, చదవనేర్చిన పల్లెటూరి మనిషి ఒక క్షణం ఆగి ఆ వాక్యాన్ని తన భాషలోకి మార్చుకోవాలి. ‘మీకు ఏ మందైనా పడదా?’ అని అడిగితే ఆ అవసరం లేదు. ‘మధుమేహాన్ని కలిగి ఉన్నవారు’ అన్నచోట ‘మధుమేహం ఉన్నవారు’ అంటే సరిపోతుంది. వాడుకభాష ‘గల’కు బదులు ‘ఉన్న’ను విశేషణంగా ఎప్పుడో స్వీకరించింది. డబ్బున్నవాళ్లు, పిల్లలున్నవాళ్లు అన్న మాటలు అందుకు నిదర్శనం.

8. ముగింపు

‘కలిగి ఉంది’ని పూర్తిగా పరాయిదనటం చరిత్రకు నిలవదు. యజమానిని ప్రథమలో నిలపడం ‘కలవాడు’ అన్న విగ్రహవాక్యంలోనూ, ‘కలిగి’ అన్న క్త్వార్థకంలోనూ ఉంది. అవి తెలుగు వ్యాకరణం తన నియమాలతో తానే తెచ్చుకున్నవి. పరాయి ఒత్తిడి కనిపించేది ఆ తరువాతి మెట్లలో. వస్తువుకు ద్వితీయ చేర్చడం, జడమైన జిల్లాను, కంపెనీని, వాహనాన్ని కర్తగా నిలపడం, ‘కలిగి లేని’ అని వ్యతిరేకం కట్టడం అనే మూడు లక్షణాలూ కలిసినచోట ఆ వాక్యం అనువాదభాషకు చెందినదని చెప్పవచ్చు. ‘అర్హత కలిగి ఉండాలి’లో ఈ మూడూ లేవు. కర్త మనిషి, వస్తువు ప్రథమలో ఉంది, వ్యతిరేకం ‘అర్హత లేనివారు’. అందువల్లనే అది చెవికి అడ్డురాదు.

తరగతిలో దిద్దవలసిన వాక్యం ఏది, వదలవలసిన వాక్యం ఏది అన్నదానికి కూడా ఇదే కొలత. విద్యార్థి వాక్యాన్ని కొట్టివేసే ముందు క్రియను చూపి, అది ఎవరితో అన్వయిస్తోందని అడగాలి. ‘మండలాలు ఉన్నాయి’ అన్న వాక్యంలో బహువచనం ఎందుకు వచ్చిందో చెప్పగలిగిన విద్యార్థికి, ‘మండలాలను కలిగి ఉంది’లో ఆ బహువచనం ఎక్కడికి పోయిందో తానే కనిపిస్తుంది.